పాన్ అని నాలుగేళ్ళు చెప్పుకుని మళ్ళీ బై అనే మాటకే ఎందుకు వచ్చాను

ప్రశ్న: నాకు 22 ఏళ్ళు. అబ్బాయిల మీదా అమ్మాయిల మీదా ఇష్టం కలుగుతుంది, ఇన్నాళ్ళూ బైసెక్సువల్‌ని, అంటే బై అనుకుంటూ వచ్చాను. మొన్న ఒక ఫ్రెండ్ "బై అంటే రెండే, ట్రాన్స్ వాళ్ళని వదిలేసినట్టు, నువ్వు పాన్‌సెక్సువల్, అంటే పాన్ అనాలి" అంది. నేను తప్పు మాట వాడుతున్నానా? అసలు ఈ పేర్లు అవసరమా?

మీ మాట తప్పు కాదు. నాకు 23 ఏళ్ళప్పుడు ఒకరు సరిగ్గా ఇదే చెప్పారు. నిజమే కాబోలనుకుని బై అనడం మానేసి, నాలుగేళ్ళు పాన్ అని చెప్పుకున్నాను. ఇప్పుడు నాకు 34, మళ్ళీ బై అనే అంటున్నాను. నాతో కలిసి ఉంటున్న మనిషి మాత్రం పాన్.

"బై అంటే రెండు" అనే వాదనంతా బైసెక్సువల్ అనే మాట మొదట్లో ఉన్న బై అన్న ముక్క మీదే నిలబడింది. అది ముందు పువ్వులకి వాడిన మాట. స్కూల్లో చదివిన ద్విలింగ పుష్పం గుర్తుందా? కేసరాలూ అండకోశమూ ఒకే పువ్వులో ఉండే మందారం లాంటిది. 19వ శతాబ్దం చివర్లో డాక్టర్లు ఆ మాటని తెచ్చి మనుషుల ఆకర్షణకి వాడడం మొదలుపెట్టారు. తెలుగులో ఆ పాత అర్థం ఇంకా వదల్లేదు. నేను మొదటిసారి మా పిన్నితో "ద్విలింగ" అన్నప్పుడు ఆవిడ నా ఒంట్లో ఏదో తేడా ఉందనుకుని కంగారుపడింది. అప్పట్నుంచీ తెలుగులో మాట్లాడుతున్నా బై అనే అంటాను.

ఆ మాటని తమదిగా చేసుకున్నవాళ్ళు దానికి ఏ అర్థం ఇచ్చారన్నది అసలు సంగతి. 1990లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు బై కార్యకర్తలు తమ పత్రిక కోసం ఒక ప్రకటన రాసుకున్నారు. అందులో, ఉన్నవి రెండే జెండర్లని అనుకోవద్దని వాళ్ళే స్పష్టంగా రాశారు. రాబిన్ ఓక్స్ అనే కార్యకర్త ఇచ్చిన నిర్వచనం చాలామంది బై వాళ్ళు తమదనుకుంటారు. ఒకటి కంటే ఎక్కువ జెండర్ల మనుషుల మీద ఇష్టం కలగగలగడం, అది ఒకే సమయంలో, ఒకే రకంగా, ఒకే మోతాదులో ఉండాల్సిన పని లేదు అని దాని సారం. "ఒకే రకంగా ఉండాల్సిన పని లేదు" అన్న ఆ ముక్కే నన్ను వెనక్కి తెచ్చింది. అది తర్వాత చెప్తాను.

మీ ఫ్రెండ్ మాటలో ఇంకో పొరపాటు ఉంది. ట్రాన్స్ స్త్రీ స్త్రీయే, ట్రాన్స్ పురుషుడు పురుషుడే. "ఆడా మగా, ఆపైన ట్రాన్స్" అని లెక్కపెడితే, వాళ్ళని గౌరవిస్తున్నామనుకుంటూనే పక్కకి నిలబెట్టినట్టవుతుంది. నేను పాన్ అనుకున్న రోజుల్లో ఇలాగే లెక్కపెట్టేదాన్ని. ఒక ట్రాన్స్ స్నేహితురాలు "మరి నన్ను ఏ వరసలో వేశావు?" అని అడిగాక గానీ నాకు వెలగలేదు.

మరి తేడా ఎక్కడ? నాకు తెలిసినంతలో, ఎన్ని జెండర్ల వాళ్ళు నచ్చుతారన్న లెక్కలో కాదు. నచ్చడంలో జెండర్‌కి పాత్ర ఉందా లేదా అన్న దగ్గర.

నా సంగతే చెప్తాను. మగవాళ్ళు నచ్చినప్పుడు నాకు మాటలు వస్తాయి. వాదించాలనిపిస్తుంది, ఆటపట్టించాలనిపిస్తుంది. అమ్మాయి నచ్చితే నోరు పెగలదు, ఆవిడ పక్కన కూర్చుంటే నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలీదు. రెండూ ప్రేమలే, రెండూ ఒకటి కాదు. మేం కలిసిన రెండో ఏడాది నా భాగస్వామి తను మగా ఆడా కాదని, నాన్‌బైనరీ అని నాతో చెప్పారు. (తెలుగులో క్రియకి "డు" పెట్టాలా "ది" పెట్టాలా అని చాలా రోజులు తడుముకున్నాం. చివరికి "తను", "అన్నారు" అంటే ఇద్దరికీ హాయిగా అనిపించింది.) తను పేరు మార్చుకున్నారు, జుట్టు మార్చుకున్నారు. నా ఇష్టం తగ్గలేదు గానీ దాని తీరు మారింది. పాత చనువులో కొత్త బిడియం ఒకటి వచ్చి చేరింది. ఆ మార్పు గమనించాక, "నాకు జెండర్ కనబడదు" అని చెప్పుకోవడం నా విషయంలో నిజం కాదని తేలింది. నాకు కనబడుతుంది. అది ఎవర్నీ అడ్డుకోదు, కానీ ప్రేమ రంగు మారుస్తుంది.

ఒక రాత్రి తనని అడిగాను, నాలో మొదట ఏం నచ్చిందని. "నువ్వు మాట్లాడుతూ మధ్యలో ఆగి, ఆ వాక్యం సరిగ్గా లేదని వెనక్కెళ్ళి మళ్ళీ చెప్తావే, అది" అన్నారు. నేను ఆడదాన్ని కాకపోయి ఉంటే? "అప్పుడూ అలాగే ఆగేదానివిగా." తను ఇష్టపడిన మిగతా ముగ్గురి గురించీ ఇలాంటి జవాబే వచ్చింది. తనకి పాన్ అన్న మాట అచ్చంగా సరిపోతుంది.

మీకూ తెలుసుకోవాలనిపిస్తే, ఇప్పటిదాకా మీకు గట్టిగా నచ్చిన నలుగురైదుగురిని తలుచుకోండి. ఒక్కొక్కరి దగ్గర మిమ్మల్ని లాగింది ఏమిటో చూడండి. ఆ మనిషే ఇంకో జెండర్‌లో ఉంటే ఆ లాగుడు ఉన్నదున్నట్టే ఉండేదా, లేక ఉన్నా వేరేగా ఉండేదా? ఉన్నదున్నట్టే అనిపిస్తే పాన్ మీకు దగ్గర, వేరేగా అనిపిస్తే బై. అయితే ఇది గీత గీసి పంచేది కాదు. జెండర్ అసలు పట్టకపోయినా బై అనేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ మాట వెనకున్న పోరాటాల్ని వదులుకోలేక. రెండూ వాడేవాళ్ళూ ఉన్నారు.

పేర్లు అవసరమా అన్నదానికి నా జవాబు వినేవాళ్ళని బట్టి మారుతుంది. ఇంట్లో మాకు ఏ పేరూ అక్కర్లేదు. కానీ ఒకప్పుడు అబ్బాయితో ఉన్నప్పుడు "ఇప్పుడు మామూలైపోయావుగా" అన్నారు, తర్వాత అమ్మాయితో ఉంటే "చివరికి లెస్బియన్‌వని తేలిందిగా" అన్నారు. పక్కనున్న మనిషిని చూసి నన్ను నిర్ణయించేస్తుంటే, నేను మారలేదని చెప్పడానికి నాకు ఆ ఒక్క మాటే దొరికింది. పాన్ అని చెప్పుకున్న రోజుల్లో ఒక కౌన్సెలర్ దగ్గర గంటలో పావు గంట ఆ మాటకి అర్థం చెప్పడానికే పోయింది. ఆ తర్వాత ఇంకొకరి దగ్గర బై అంటే వెంటనే అసలు బాధలోకి వెళ్ళగలిగాం. దీనికి తిరగేసిన సందర్భం కూడా చూశాను. నాన్‌బైనరీ వాళ్ళు ఎక్కువగా ఉన్నచోట నా భాగస్వామి పాన్ అనగానే, "నన్నూ లెక్కలోకి తీసుకున్నారు" అన్న నిశ్చింత ఎదుటివాళ్ళ ముఖంలో కనబడుతుంది. బై అన్నప్పుడు ఆ నిశ్చింత కోసం నేను ఇంకో వాక్యం చెప్పాల్సి వస్తుంది. చెప్తాను.

మీ ఫ్రెండ్ భయం ఉత్తిది కాదు. బై అని చెప్పుకుంటూనే ట్రాన్స్ వాళ్ళని మొహం మీదే కాదనేవాళ్ళని నేనూ చూశాను. పాన్ అని చెప్పుకునేవాళ్ళలోనూ చూశాను. అందుకని ఆవిడతో మాట గురించి వాదించకండి. "నేను బై. ట్రాన్స్ మనుషులు నాకు నచ్చరని దానర్థం కాదు" అని నేరుగా చెప్పండి, అది నిజమైతే.