పోటీ మిల్లు మార్జిన్ మనకంటే ఐదు శాతం ఎక్కువ: అందులో నిజమెంత?

ప్రశ్న: గుంటూరులో ఎంబీఏ ఫైనాన్స్ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు ఒక కారం మిల్లులో చేస్తున్నాను. వాళ్ల టర్నోవర్ 40 కోట్లు, వడ్డీ, తరుగుదలకు ముందు లాభం 6 శాతం. పోటీ కంపెనీది 60 కోట్లు, 11 శాతం. "వాళ్లు జీతాలు తక్కువిస్తారు" అంటున్నారు ఓనరు గారు. అదే రాయనా? బ్యాంకు క్రెడిట్ ఉద్యోగాలకు వెళ్లాలని ఉంది.

జవాబు: ఇప్పుడే రాయకండి. ముందు రెండు లెక్కలూ ఒకే పద్ధతిలోకి రావాలి. పోటీదారు ప్రైవేట్ లిమిటెడ్ అయితే, వంద రూపాయల ఫీజు కట్టి కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ, అంటే ఎంసీఏ పోర్టల్‌లో వాళ్ల బ్యాలెన్స్ షీటు, నోట్సు చూడొచ్చు. భాగస్వామ్య సంస్థ అయితే ఆ దారి లేదు. రెండు వైపులా వడ్డీ ఆదాయం లాంటి ఇతర ఆదాయాన్ని లాభంలోంచి తీసేశారో లేదో కూడా చూసుకోండి.

నోట్సులో మొదట ఆదాయం వివరాలు చదవండి. సరుకు అమ్మకం వేరుగా, సేవల ఆదాయం వేరుగా ఉంటాయి. మిర్చి మిల్లుకు సేవలంటే చాలావరకు జాబ్ వర్కే, అంటే వ్యాపారుల కాయను కూలికి ఆడించి ఇవ్వడం. అందులో కాయ ఖర్చు మిల్లుది కాదు కాబట్టి మార్జిన్ చాలా ఎక్కువగా కనిపిస్తుంది. ఉదాహరణకు వాళ్ల 60 కోట్లలో 3 కోట్లు జాబ్ వర్క్ అనుకుందాం. కరెంటు, కూలీ పోగా అందులో 40 శాతం, అంటే 1.2 కోట్లు మిగులుతుందని అంచనా వేస్తే, వాళ్ల 6.6 కోట్ల లాభంలో సొంత సరుకు మీద వచ్చింది 5.4 కోట్లు. 57 కోట్ల అమ్మకం మీద అది దాదాపు 9.5 శాతం.

ఇప్పుడు మీ మిల్లు. షెడ్డుకు, కోల్డ్ స్టోరేజీకి ఏడాదికి 80 లక్షలు అద్దె కడుతోందనీ, పోటీదారుకు అవి సొంతమనీ అనుకుందాం. అద్దె కలిపితే మీ లాభం 2.4 నుంచి 3.2 కోట్లకు, అంటే 8 శాతానికి చేరుతుంది. అయితే సొంత కట్టడం ఉచితంగా రాదు. దానికి పెట్టిన డబ్బు ఖర్చు ఈ మార్జిన్‌లో కనబడదు, పెట్టుబడి మీద రాబడిలో కనబడుతుంది. ఆ మాట పక్కనే రాయండి.

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. మన కంపెనీకి మేలు చేసే సవరణలు వెంటనే గుర్తొస్తాయి, నష్టపరిచేవి గుర్తురావు. మిల్లు చూసుకునే అన్నదమ్ములు జీతం తీసుకుంటున్నారా అని అడగండి. తీసుకోకపోతే, ఆ పనికి బయటివాళ్లను పెడితే ఇవ్వాల్సిన మొత్తాన్ని, 40 లక్షలనుకుందాం, ఖర్చుగా తీసేయాలి. మీది 7 శాతానికి దిగుతుంది. అసలు తేడా రెండున్నర శాతం. జాబ్ వర్క్‌లో మిగిలేది 25 శాతమైతే ఆ తేడా 3.3కు పెరుగుతుంది, 50 శాతమైతే 1.9కి తగ్గుతుంది. అందుకే ఒక్క అంకె కాకుండా ఈ పరిధి రాయండి.

తర్వాత ప్రతి ఖర్చునూ అమ్మకంలో శాతంగా పక్కపక్కన పెట్టండి. ఈ ఉదాహరణలో మీకు ముడిసరుకు 79, జీతాలు 5, ఇతర ఖర్చులు 9 శాతం. వాళ్లకు 76, 5, 9.5 అని తేలిందనుకుందాం. జీతాల్లో తేడా లేదు, ఓనరు గారి కారణం నిలబడదు. తేడా అంతా ముడిసరుకులోనే ఉంది.

అయినా "వాళ్లు కాయ చవగ్గా కొంటారు" అని తేల్చేయకండి. వాళ్లు చిన్న ప్యాకెట్లు అమ్ముతూ, మీరు బస్తాల్లో విడిగా అమ్ముతుంటే, కాయ ఖర్చు ఒకటే అయినా వాళ్ల అమ్మకం ధర ఎక్కువ కాబట్టి శాతం తగ్గుతుంది. ఇతర ఖర్చుల్లో వాళ్లకున్న ఆ అర శాతం ప్యాకింగ్, ప్రకటనలదేమో నోట్సులో చూడండి. మీ మిల్లులోనైతే క్వింటా కాయకు ఎన్ని కిలోల కారం వస్తోందో లెక్క తీయండి. తేమ, తొడిమ, తాలు ఎక్కువుంటే నష్టం కొనుగోలు ధరలో కనబడదు, దిగుబడిలో కనబడుతుంది.

ఇంకొకటి సరుకు నిల్వ. మిర్చి యార్డుకు కాయ బాగా వచ్చే రోజుల్లోనే మార్చి 31 వస్తుంది, కోల్డ్ స్టోరేజీలు నిండి ఉంటాయి. ధర పెరిగిన ఏడాది పాత ధరకు కొన్న సరుకు లాభాన్ని పెంచుతుంది. పడితే నిల్వను కొన్న ధర, అమ్మితే వచ్చే ధర రెండింటిలో తక్కువదానికి లెక్కకట్టాలి కాబట్టి నష్టం అప్పుడే పడుతుంది. 2023లో క్వింటా 20 వేలు దాటిన మిర్చికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయల ధరతో మార్కెట్ జోక్య పథకం ప్రకటించాల్సి వచ్చింది. ఇలాంటి సరుకులో ఒక్క ఏడాది పోలిక చాలదు, కనీసం నాలుగేళ్లు తీసుకోండి. ధర పడిన ఏడాది కూడా వాళ్లే ముందుంటే అది ప్యాకెట్ల బలమో దిగుబడో అయ్యుంటుంది. ఆ ఏడాది వాళ్ల మార్జిన్ మీకంటే దిగితే, ముందున్నది ఎక్కువగా నిల్వ లాభమే.

రిపోర్టులో మొదటి తేడా, ఒక్కో సవరణ, దానికి ఆధారం, అందులో ఏది అంచనా అన్నదీ ఒకే పట్టికలో పెట్టండి. బ్యాంకు ఇంటర్వ్యూలో "ఈ 40 శాతం ఎక్కడిది?" అని అడిగితే, మీ మిల్లు సొంత కూలి లెక్క చూపించగలగాలి.