ఓనర్ పైపు లీకైతే గోడ బూజు ఎవరి నెత్తిన పడుతుంది?

ప్రశ్న: సార్, తిరుపతి ఎం.ఆర్.పల్లిలో గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుంటున్నాం, పైన ఓనర్ వాళ్ళు. నవంబర్ 9 రాత్రి వాళ్ళ బాత్రూం పైపు పగిలి మా బెడ్రూం గోడ తడిసింది. 10న పొద్దున్నే వాట్సాప్‌లో ఫొటో పెట్టాను. ప్లంబర్‌ని పంపింది మాత్రం 22న. ఇప్పుడు బీరువా వెనక మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున నల్లగా బూజు పట్టింది, నాలుగేళ్ళ బాబుకి రాత్రిళ్ళు ఒకటే దగ్గు. ఓనర్ ఏమో "మీరు బట్టలు ఇంట్లో ఆరేస్తారు, అందుకే వచ్చింది, బ్లీచింగ్ వేసి తుడుచుకోండి" అంటున్నారు, ఖాళీ చేస్తే పెయింటింగ్ కింద అడ్వాన్సులో 18,000 పట్టుకుంటారంట. మేమేం చెయ్యాలి?

జవాబు: అమ్మా, మీరు రాసిన 9, 10, 22 ఈ మూడు తేదీలే మీ కేసు. గోడ గానీ పరుపు గానీ తడిశాక 24 నుంచి 48 గంటల్లోపు ఆరిపోతే బూజు సాధారణంగా పట్టదు, అది దాటితే మొదలవుతుంది, మన కంటికి మచ్చలుగా కనబడేసరికి ఇంకొన్ని రోజులు పడుతుంది. మీ గోడకి 13 రోజులు నీళ్ళు ఆగలేదు. పైన పైపు కారుతుంటే కింద మీరు ఫ్యాన్ వేసినా, కిటికీలు తెరిచినా ఆరేదేముంటుంది? మీరు 10నే చెప్పారు కాబట్టి ఆ రెండు రోజుల గడువు చేజారింది ఆయన చేతుల్లోనే, మీ చేతుల్లో కాదు.

బట్టల మాట కూడా చూద్దాం, ఎందుకంటే అది పూర్తిగా అబద్ధం కాదు, గాలి ఆడని గదిలో బట్టలు ఆరేస్తే నిజంగానే బూజు వస్తుంది. కానీ అది వచ్చే తీరు వేరు. గాల్లో తేమతో వచ్చేది మూలల్లో, కిటికీ పక్కన, సామాన్ల వెనక అక్కడక్కడ చుక్కలుగా ఉంటుంది. పైపు నీళ్ళతో వచ్చినదైతే పైపు ఉన్న చోటి నుంచి కిందికి దిగుతుంది, అంచున గోధుమ రంగు గీత పడుతుంది, పెయింటు ఉబ్బి పొక్కులు వస్తాయి, ఒక్కోసారి తెల్లటి ఉప్పు పేరుతుంది. బీరువా జరిపి, మచ్చ పక్కన టేపు పెట్టి, పై కప్పు దాకా కనబడేలా ఫొటోలు తియ్యండి, తుడిచాక తీస్తే లాభం లేదు.

ఇక చట్టం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108లో ఓనరుకీ అద్దెకున్నవాళ్ళకీ ఉండే బాధ్యతలు ఉన్నాయి. అందులో (ఎమ్) కింద మీరు ఇల్లు తీసుకున్నప్పటి స్థితిలో అప్పజెప్పాలని ఉంది, కాకపోతే మామూలు వాడకంలో వచ్చే అరుగుదల దానికి మినహాయింపు. (ఎఫ్) ప్రకారం ఓనర్ చెయ్యాల్సిన రిపేరు నోటీసు ఇచ్చినా సమంజసమైన టైంలో చెయ్యకపోతే మీరే చేయించి ఆ ఖర్చు వడ్డీతో అద్దెలో పట్టుకోవచ్చు. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు, 'చెయ్యాల్సిన' అనే మాట ముఖ్యం. అగ్రిమెంట్‌లో రిపేర్లు ఓనరువని లేకపోతే ప్రతి రిపేరూ ఆయన నెత్తిన పడదు, అసలు 108 మొత్తం కూడా అగ్రిమెంట్‌లో వేరేగా లేనంతవరకే వర్తిస్తుంది. కాబట్టి అద్దె ఆపేసే ముందు మీ కాగితం తీసి చదవండి. మీ విషయంలో ఒక మేలేంటంటే పైపు ఆయన పోర్షన్‌ది, ఆయన అధీనంలోది, అది 13 రోజులు కారనిచ్చి మీ ఇంట్లో నష్టం చేస్తే రిపేరు క్లాజు లేకపోయినా నిర్లక్ష్యం కింద అడగొచ్చు.

కానీ 22 తర్వాత మీరేం చేశారన్నది ఆయన లాయర్ తప్పకుండా అడుగుతాడు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 వివరణ ప్రకారం నష్టాన్ని తగ్గించుకునే దారి ఉందా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. లీకు ఆగాక కూడా బీరువాని గోడకి ఆనించే ఉంచితే, ఆ తర్వాత పెరిగిన భాగం మీ ఖాతాలోకి రావచ్చు. ఇవాళే అడుగున్నర ముందుకి జరపండి.

మరి తుడుచుకుంటే సరిపోతుందా? అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్పే కొలత పది చదరపు అడుగులు, అంటే దాదాపు మూడడుగులకి మూడడుగులు. అంతకు లోపుంటే చాలాసార్లు ఇంట్లోవాళ్ళే చేసుకోవచ్చు, మీది 12. అది మన చట్టం కాదు, ఒక అంచనా కొలత అంతే, అయినా నోటీసులో రాసుకోవడానికి పనికొస్తుంది. నా లెక్కలో సిమెంటు గోడయితే పనివాళ్ళు కూడా చేసెయ్యొచ్చు, ఎన్95 మాస్కు, గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకుని సర్ఫు నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, బాబు ఆ గదిలో ఉండకూడదు. పొడిగా చీపురుతో దులపొద్దు, ఇల్లంతా పరుచుకుంటుంది. బ్లీచింగ్ మీద బాత్రూం యాసిడ్ కలిపారంటే క్లోరిన్ గ్యాసు వస్తుంది, జాగ్రత్త. బ్లీచింగ్ చల్లి వదిలేసినా ప్రయోజనం లేదు, చచ్చిన బూజు కూడా ఎలర్జీ చేస్తుంది, దాన్ని తీసెయ్యాలి. ఇక తడిసి బూజు పట్టిన పరుపు, ఉబ్బిన ప్లైవుడ్, జిప్సం సీలింగు ఉంటే తుడిచి ఉపయోగం లేదు, పారెయ్యాలి, పారేసే ముందు ఫొటో.

బాబు దగ్గు గురించి. నల్ల బూజంటే ప్రాణం తీసే విషం అని వచ్చే ఫార్వర్డులు నమ్మొద్దు, రంగు చూసి విషమో కాదో చెప్పలేం, ల్యాబ్ టెస్టులకి డబ్బు తగలెయ్యక్కర్లేదు. కానీ ముక్కు కారడం, కళ్ళ మంట, దగ్గు, ఉబ్బసం ఎక్కువవడం మాత్రం నిజమే. కీమో చేయించుకునేవాళ్ళు, ఇమ్యూనిటీ బాగా తక్కువున్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ భయం కూడా ఉంటుంది, వాళ్ళని అక్కడ ఉంచకూడదు. అమ్మమ్మ వాళ్ళింట్లో నాలుగు రోజులుంటే దగ్గు తగ్గి, వచ్చాక మళ్ళీ మొదలైతే అది మంచి ఆధారం, ఆ సంగతి డాక్టరుకి చెప్పి చీటీలో రాయించుకోండి. అయినా ముందే చెప్తున్నా, దగ్గు బూజు వల్లే అని కోర్టులో నిరూపించడం కష్టం, దాని మీద పెద్ద పరిహారం ఆశ పెట్టుకోవద్దు. మీ బలం గోడ, పరుపు, అడ్వాన్సు.

నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి, మూడు తేదీలు, కొలత, ఫొటోలు, 15 రోజుల్లో శుభ్రం చేయించాలని, అడ్వాన్సులో కోతకి మేం ఒప్పుకోబోమని. అందులో ఊరికే 'బూజు' అని రాయొద్దమ్మా, మన భాషలో సాలెపురుగు దుమ్మునీ బూజనే అంటాం కదా, "మీ ఇంట్లో బూజు దులుపుకోకపోవడం మా తప్పా" అని జవాబొచ్చిన కేసు నేనే చూశాను. 'నీటి లీకేజీ వల్ల గోడకి పట్టిన ఫంగస్' అని రాయండి. వాట్సాప్ చాటు డిలీట్ చెయ్యకండి, ఫోను మార్చకండి, అది కోర్టుకెళ్తే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. 18,000 కోసం దావాకి ముందు కోర్టులో ఉండే లీగల్ సర్వీసెస్ కమిటీలో ప్రీ లిటిగేషన్ పిటిషన్ పెట్టండి, కోర్టు ఫీజు ఉండదు, ఇద్దరూ ఒప్పుకుని లోక్ అదాలత్‌లో అవార్డయితే డిక్రీతో సమానం.

ఈలోగా ఆయన పెయింటరుని పంపితే వెంటనే వెయ్యనివ్వకండి. అడుగున్నర ప్లాస్టిక్ కవరు ముక్క ఆ గోడకి నాలుగువైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి, లోపలివైపు చెమ్మ పడితే గోడ ఇంకా తడే, దాని మీద రంగు వేస్తే కింద బూజు మళ్ళీ పెరిగి పెయింటు ఊడుతుంది, అప్పుడా రెండో పెయింటింగు కూడా మీ అడ్వాన్సులోంచే అంటారు. ఆ కవరుకి కూడా తేదీ కనబడేలా ఒక ఫొటో తీసి పెట్టుకోండి.