పొగడ్తలో పట్టు ఎక్కడుంది: యువకవికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

మంత్రిగారి మీద నువ్వు పంపిన సీసపద్యం రెండుసార్లు చదివాను. నడక బాగుంది, యతి ఎక్కడా తప్పలేదు. కానీ అది వ్యంగ్యమని నాకు తెలిసింది నీ ఉత్తరం వల్లే, పద్యం వల్ల కాదు. ఇంద్రుడివన్నావు, కర్ణుడివన్నావు, అపర భగీరథుడివన్నావు. ఆయన పుట్టినరోజుకి సెంటర్లో కట్టే ఫ్లెక్సీల మీదా ఇవే మాటలుంటాయి. నిజంగా పొగిడేవాళ్లు అతిశయోక్తిని ఎప్పుడో చివరిదాకా లాగేశారు. వాళ్ల మీద ఇంకో మెట్టు ఎక్కినంత మాత్రాన అది వెక్కిరింత కాదు.

కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో "ఆలు నిర్వాహకురాలు భూదేవియై" అని మొదలయ్యే పద్యం తీసి చూడు. కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో వెలసిన విష్ణువును పొగుడుతున్నాడు. భూదేవి ఇల్లాలు కావడంతో అందరి భారం మోసేవాడన్న పేరొచ్చింది. లక్ష్మి భార్య కావడంతో కోరినవన్నీ ఇస్తాడన్న ఘనత వచ్చింది. బ్రహ్మ కొడుకు కావడంతో పెద్ద కుటుంబీకుడయ్యాడు, గంగ కూతురు కావడంతో పతితపావనుడయ్యాడు. కవి ఒక్క బిరుదు కూడా కాదనలేదు. ప్రతి బిరుదు పక్కనా దాన్ని సంపాదించి పెట్టినవాళ్లను నిలబెట్టాడంతే. నాలుగు పాదాలు అయ్యేసరికి స్వామి దగ్గర సొంతమంటూ ఏమీ మిగల్లేదు. అప్పుడు ఎత్తుగీతిలో, ఇదంతా ఆండ్రు బిడ్డలు తెచ్చిన ప్రఖ్యాతే గాని మొదటినుంచీ నువ్వు దామోదరుడివే అని తేల్చేశాడు. అది విష్ణువు పేరే కాబట్టి తిట్టాడని అనలేం. తల్లి నడుముకు తాడు కట్టి రోటికి కట్టేసిన పిల్లాడి పేరు కూడా అదే కాబట్టి పొగిడాడనీ అనలేం.

నాలుగు పాదాలూ 'తెచ్చె' అనే ముగుస్తాయి, గమనించావా? ఒకే అచ్చులో వాక్యాలు రావడం వల్ల రెండో పాదానికల్లా కవి ఎటు నడుస్తున్నాడో పాఠకుడికి అర్థమవుతుంది. మూడో పాదంలో ఎవరి పేరు వస్తుందా అని తనే ఎదురుచూస్తాడు. నీ పద్యంలో ఆ పని జరగలేదు. అక్కడ పోలిక వెనక పోలిక వచ్చి పడుతోంది గాని, ఒకదాన్నుంచి ఇంకోటి పుట్టడం లేదు.

అయితే కాసులవారిది భక్తుడి చనువు. ఏలికతో మనకు ఆ చనువు ఉండదు. అందుకే 1812 నాటి లండన్ సంగతి కూడా చెప్పాలి. రాజు మూడో జార్జికి మతి చలించడంతో కొడుకు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ రీజెంటుగా ఏలుతున్నాడు. ఎన్నో ఏళ్లుగా తనను నమ్ముకున్న విగ్ పార్టీ స్నేహితులను పక్కనపెట్టి, పాత మంత్రులనే కొనసాగించాడు. ఆ మార్చిలో ఎగ్జామినర్ పత్రికలో చార్లెస్ లాంబ్ ఒక పద్యం వేశాడు. వేల్స్ అనే బిరుదు తిమింగలానికి ఇంగ్లీషులో ఉన్న పేరులాగే వినిపిస్తుంది కాబట్టి, సముద్రంలో ఇంతకంటే గొప్ప తిమింగలం లేదని జయజయధ్వానాలతో ఎత్తుకున్నాడు. లావు మీద పరిహాసం నాకు అంతగా రుచించదు. ఒళ్లు చూసి నవ్వడం ఎవరైనా చేస్తారు, దాంతో పాలనకు తగిలే దెబ్బేమీ లేదు. అసలు దెబ్బ మధ్యలో ఉంది. మంచి జాతి చేపలన్నీ తప్పుకుని పోతాయి, వంకర డాల్ఫిన్లూ కుక్కల్లా తోకాడించే సీళ్లూ చుట్టూ చేరతాయి అంటాడు. ఆ నెలల్లో దర్బారులో జరిగింది అదే. అక్కడ అతిశయోక్తి నిజం మీద కాలు మోపి నిలబడింది.

వారం తిరిగేసరికి అదే పత్రికలో సంపాదకుడు లీ హంట్ వచనంలో సూటిగా రాశాడు. వేరే పత్రిక రీజెంటును అందగాడని ఆకాశానికెత్తితే, ఆ అందగాడు యాభై ఏళ్ల స్థూలకాయుడు, మాట తప్పేవాడు, అప్పుల్లో మునిగినవాడు అని ఒక్కో పొగడ్తనూ తిప్పికొట్టాడు. అన్నదమ్ములు లీ హంట్‌కూ జాన్ హంట్‌కూ చెరి రెండేళ్ల జైలు, చెరి 500 పౌండ్ల జరిమానా పడ్డాయి. పద్యమైతే కేసులు రావని మాత్రం అనుకోకు. మూడో జార్జి స్వర్గప్రవేశం మీద బైరన్ రాసిన వ్యంగ్య కావ్యాన్ని అచ్చువేసినందుకు 1824లో ఇదే జాన్ హంట్ మళ్లీ 100 పౌండ్లు కట్టాడు. రాసే ముందు నీ దగ్గరున్న నిజం ఎంత గట్టిదో చూసుకో.

ఇప్పుడు నీ పద్యానికొస్తాను. ఇంద్రుణ్ణీ కర్ణుణ్ణీ తీసెయ్. భగీరథుణ్ణి ఉంచు, ఎందుకంటే కాలువ నిజంగానే వచ్చింది. ఆ కాలువకు పొలాలు వదులుకున్నదెవరో, డబ్బు ఏ పద్దులోంచి వచ్చిందో, శంకుస్థాపన ఎవరి హయాంలో జరిగిందో కనుక్కో. ఆయన చెప్పుకునే మిగతా మూడు ఘనతల వెనక ఎవరున్నారో కూడా వెతుకు. ఆ నాలుగు సంగతులూ ముందు వచనంలో రాసి నాకు పంపు. ఎత్తుగీతి జోలికి ఇప్పుడే వెళ్లకు, పాదాలు కుదిరాక చూద్దాం.