జనాజా దగ్గర మాఫ్ చేయించిన మెహర్ పోయినట్టేనా?

ప్రశ్న: మాది కర్నూలు. నా భర్త 2023 ఏప్రిల్ 20న చనిపోయారు. నేను రెండో భార్యను, నాకు పిల్లలు లేరు. మొదటి భార్య చనిపోయింది, ఆమెకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. వాళ్లను సొంత పిల్లల్లా చూసుకున్నాను. నికాలో భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము, అంటే మెహర్, నాలుగు లక్షలు తర్వాత ఇస్తానని రాశారు, పైసా ఇవ్వలేదు. ఆయన బతికుండగా రెండుసార్లు అడిగితే ‘చూద్దాం’ అన్నారు. జనాజా లేపేముందు బంధువులు నాతో ‘మాఫ్ చేశాను’ అనిపించారు. నికానామా అసలు కాపీ పెద్దబ్బాయి అడిగితే ఇచ్చేశాను. ఇప్పుడు ‘నీకు ఎనిమిదో వంతే వస్తుంది, అందులోనే మెహర్ కూడా’ అంటున్నారు. నేనుంటున్న ఇల్లు అమ్మేసి నా డబ్బు తీసుకోమని మా తమ్ముడు చెబుతున్నాడు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ కేసును తేల్చేది మీరు పిల్లలను ఎలా చూశారన్నది కాదు, తేదీ. భర్త చనిపోయినప్పుడు బాకీ ఉన్న మెహర్ కోసం దావా వేయడానికి ఆ రోజు నుంచి మూడేళ్లే గడువు. అంటే 2026 ఏప్రిల్ 20 లోపు దావా కోర్టులో పడాలి. లాయర్ నోటీసు పంపితే ఆ గడువు పెరగదు. పెద్దమనుషుల పంచాయితీ జరుగుతోందన్నా ఆగదు. ‘రంజాన్ అయ్యాక కూర్చుందాం’ అంటే నమ్మి ఆగకండి.

ఒక మెలిక ఉంది. మెహర్ అడగగానే ఇవ్వాల్సిన రకం అయితే, భర్త బతికుండగా మీరు అడిగి ఆయన కాదన్న రోజు నుంచే గడువు మొదలవుతుంది. మీది తర్వాత ఇచ్చే రకమని నికానామాలో ఉంటే ఆ బాధ లేదు. ఉర్దూలో ఈ రెండు రకాల పేర్లు వినడానికి ఒకేలా ఉంటాయి, రాతలో ఒక అక్షరం తేడా. అందుకే ఉర్దూ బాగా చదివేవాళ్లతో ఆ గడి చూపించండి. ఆయన ‘చూద్దాం’ అన్నారని రాశారు, అది నిరాకరించడం కాదు. దావాలో జరిగింది జరిగినట్టే రాయించండి. కోపంలో ‘ఎన్నిసార్లు అడిగినా ఇవ్వనన్నారు’ అని పెంచి రాయిస్తే అవతలి లాయర్ దాన్నే పట్టుకుంటాడు.

అసలు కాగితం ప్రత్యర్థి చేతిలో పెట్టడం చాలా పెద్ద నిర్లక్ష్యం. ఈ వారమే నికా చదివించిన ఖాజీ దఫ్తరుకు వెళ్లి రిజిస్టరు నుంచి ధ్రువీకరించిన నకలు తీసుకోండి. నికాలో మీ తరఫున వకీల్‌గా నిలబడి సంతకం చేసినాయన, ఇద్దరు సాక్షులు ఎక్కడున్నారో, సాక్ష్యం చెప్పే ఓపికతో ఉన్నారో చూసుకోండి.

శవం దగ్గర చెప్పించిన మాఫీకి భయపడొద్దు. భార్య తన ఇష్టంతో మెహర్ వదులుకోవచ్చు. కానీ భర్త పోయిన దుఃఖంలో ఉండగా చెప్పించిన మాట స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి కాదని 1920లోనే కలకత్తా హైకోర్టు తేల్చింది. అక్కడున్న ఆడవాళ్లలో ఒకరు మీ పరిస్థితి ఎలా ఉందో చెబితే చాలు. ఇకపై మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఇక లెక్క. మెహర్ మీ వారసత్వ వాటా కాదు, ఆయన ఆస్తి మీదున్న అప్పు. ముందు అంత్యక్రియల ఖర్చు, తర్వాత అప్పులు, వీలునామా ఉంటే అది, మిగిలింది వారసులకు. ఉదాహరణకు ఇల్లు, బ్యాంకు డబ్బు కలిపి ఇరవై రెండు లక్షలు, బయటి చేబదులు రెండు లక్షలు అనుకుందాం. అంత్యక్రియల ఖర్చు పక్కనపెడితే, మీ నాలుగు లక్షలు, ఆ రెండు లక్షలు తీసేయగా పదహారు లక్షలు మిగులుతాయి. ఆయనకు పిల్లలున్నారు కాబట్టి మీకు ఎనిమిదో వంతు, రెండు లక్షలు. మిగతా పద్నాలుగులో కొడుకులకు చెరి ఐదు లక్షల అరవై వేలు, కూతురికి రెండు లక్షల ఎనభై వేలు. మీకు మొత్తం ఆరు లక్షలు. వాళ్లు చెప్పిన పద్ధతిలో అయితే మూడు లక్షలు కూడా రావు.

అయితే మెహర్ ఇంటి మీద తాకట్టు లాంటిది కాదు. మామూలు అప్పులవాళ్ల కంటే మీకు ముందు హక్కు లేదని, హైదరాబాద్ నుంచి వెళ్లిన కపూర్‌చంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి చాలకపోతే ఎవరి బాకీ ఎంతో ఆ దామాషాలో వాళ్లతో పంచుకోవాల్సిందే. వారసులు ఈలోగా తమ వాటాలు ఏమీ తెలియని కొనుగోలుదారుకు అమ్మేస్తే, ఆ ఇంటి నుంచి వసూలు చేసుకోవడం కష్టమవుతుంది.

మీ తమ్ముడి సలహా అస్సలు వినొద్దు. మెహర్ కింద ఇల్లు న్యాయంగా, బలవంతం, మోసం లేకుండా వితంతువు స్వాధీనంలోకి వస్తే, బాకీ తీరేదాకా ఆమె ఖాళీ చేయక్కర్లేదు. కానీ అమ్మే హక్కు, దానమిచ్చే హక్కు రాదు. మైనా బీబీ అనే వితంతువు ఇలాగే స్వాధీనంలో ఉన్న ఆస్తిని దానం రాసిచ్చి, కేసు బ్రిటిష్ కాలం నాటి పై కోర్టు ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి ఓడిపోయింది. భార్యగా ఆ ఇంట్లో కాపురం చేసినంత మాత్రాన అది మెహర్ కింద స్వాధీనం అయిపోదని కూడా అవతలివాళ్లు వాదిస్తారు. ఇల్లు ఖాళీ చేయకండి, కానీ దాని మీదే ఆధారపడి గడువు వదిలేయకండి.

ముగ్గురు పిల్లలనూ ప్రతివాదులుగా చేర్చి కర్నూలు సివిల్ కోర్టులో ఒకే దావా వేయండి. ముందు ఆస్తిలోంచి మెహర్, ఇతర అప్పులు తీర్చి, తర్వాత వాటాలు పంచమని అడగండి. ఒక్కరినే చేరిస్తే ఆ ఒక్కరి వాటాకు తగిన భాగమే వసూలవుతుంది. దావాతోపాటే ఇల్లు అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషన్ వేయించండి. ఫీజు గురించి టెన్షన్ ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మరణ ధ్రువీకరణ పత్రం, ఇంటి దస్తావేజు నకలు, ఖాజీ ఇచ్చిన నకలు వెంట తీసుకెళ్లండి.