వాల్వ్ 0% అంటోంది, మరి ఆ 6 డిగ్రీలు ఎక్కడివి?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి అమెరికాలోని ఓ పాత ఆఫీసు బిల్డింగ్‌లో ఏసీ, హీటింగ్ నడిపే బీఎంఎస్ ట్రెండ్లు చూస్తున్నాను. హీటింగ్, కూలింగ్ వాల్వ్ కమాండ్లు రెండూ ఒకే గ్రాఫ్‌లో వేస్తే ఎక్కడా కలిసి తెరుచుకోలేదు. అంటే సైమల్టేనియస్ హీటింగ్ కూలింగ్ లేదని రాసెయ్యొచ్చా?

రాయొద్దు. మీరు చూసింది కంట్రోలర్ వాల్వ్‌కి ఏం చెప్పిందో మాత్రమే, వాల్వ్ ఏం చేసిందో కాదు. రెండు కమాండ్లు కలిసి తెరుచుకునే తప్పు ప్రోగ్రామ్‌లో ఉంటుంది, అది ఇట్టే దొరుకుతుంది. ఏళ్ల తరబడి గ్యాస్, కరెంటు తినేది మాత్రం 0% కమాండ్ దగ్గర కూడా వేడినీళ్లు వదిలే వాల్వ్.

గదులకు గాలిని తయారుచేసి పంపే ఏహెచ్‌యూలో ముందు హీటింగ్ కాయిల్, తర్వాత కూలింగ్ కాయిల్ ఉందనుకోండి. జులై మధ్యాహ్నం మిక్స్‌డ్ ఎయిర్ 74 ఫారన్‌హీట్, హీటింగ్ వాల్వ్ 0%, హీటింగ్ కాయిల్ దాటాక గాలి 81, సప్లై ఎయిర్ 55. సెట్‌పాయింట్ కూడా 55 కాబట్టి అలారం రాదు, ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. కూలింగ్ వాల్వ్ ఇంకాస్త తెరుచుకుని ఆ వేడిని మింగేస్తుంది. అంతా పచ్చగా కనిపించే డ్యాష్‌బోర్డుల మీద నాకు నమ్మకం లేనిది ఇందుకే.

ఆ 7 డిగ్రీలు చూసి వెంటనే లీక్ అని కూడా రాయొద్దు. సెన్సర్ అబద్ధం చెప్పొచ్చు, ముఖ్యంగా మిక్స్‌డ్ ఎయిర్‌ది. బయటి గాలి, రిటర్న్ గాలి సరిగా కలవని చోట ఒకే బిందువు దగ్గర కొలిచే సెన్సర్ పెడితే, అది ఆ మూల సంగతే చెబుతుంది. తేల్చడానికి వేడినీళ్ల పంపు స్టేటస్ కావాలి. పంపు ఆగినా తేడా అలాగే ఉంటే అది సెన్సర్ తప్పు, పడిపోతే లీక్.

5 నిమిషాల ట్రెండ్ రెండు వారాలు తీసుకోండి. గంట సగటు వద్దు. వాల్వ్‌లు వంతులవారీగా తెరుచుకు మూసుకుంటుంటే గంట సగటులో రెండూ కలిసి నడిచినట్టే కనిపిస్తుంది. ఫ్యాన్ మొదలైన, పంపు ఆన్ లేదా ఆఫ్ అయిన తర్వాతి అరగంట వరుసలు తీసేయండి, కాయిల్‌లో మిగిలిన వేడి లెక్క చెడగొడుతుంది. B కాలమ్‌లో ఫ్యాన్, C లో హీటింగ్ కమాండ్, F లో పంపు, G లో హీటింగ్ కాయిల్‌కి ముందు తర్వాత గాలి ఉష్ణోగ్రత తేడా పెట్టుకుంటే:

```
=AVERAGEIFS(G:G,B:B,1,C:C,0,F:F,1)
=AVERAGEIFS(G:G,B:B,1,C:C,0,F:F,0)
```

మొదటిది 7, రెండోది 1 వచ్చిందనుకోండి. ఆ 1 సెన్సర్ల తేడా, మిగతా 6 లీక్. గాలి 10,000 సీఎఫ్‌ఎం అయితే 1.08 × 10,000 × 6, అంటే గంటకు 64,800 బీటీయూ. దాన్ని మళ్లీ చల్లబరచడానికే 5.4 టన్నుల కూలింగ్ పోతోంది. బాయిలర్ నష్టం దీనికి అదనం.

పంపు ఎప్పుడూ ఆగకపోతే సైట్‌లో ఉన్నవాళ్లతో ఆ కాయిల్ ఐసొలేషన్ వాల్వ్‌ని చేత్తో మూయించి అరగంట చూడండి. గడ్డకట్టే చలిలో మాత్రం వద్దు, కాయిల్ పగులుతుంది. కాయిల్ మధ్యలో సెన్సరే లేకపోతే రెండు కమాండ్లూ 0 ఉన్న గంటలు ఏరండి. అప్పుడు సప్లై గాలి మిక్స్‌డ్ గాలి కంటే ఫ్యాన్ వేడి మేరకు, మామూలుగా 1-2 డిగ్రీలే ఎక్కువుండాలి.

లీక్ తేలగానే వాల్వ్ మార్చమని రాసేస్తారు చాలామంది. ముందు యాక్చుయేటర్ కప్లింగ్ స్క్రూ వదులైందేమో చూడాలి, షాఫ్ట్ తిరక్కుండా యాక్చుయేటరే తిరుగుతుంటుంది. తేడా మరీ పెద్దదైతే కమాండ్ దిశ తిరగబడిందేమో చూడండి. చలి ప్రాంతాల్లో హీటింగ్ వాల్వ్‌ని సిగ్నల్ పోతే తెరుచుకునేలా పెడతారు, అక్కడ 0% అంటే పూర్తిగా తెరిచి ఉండటం కావచ్చు. వేసవిలోనే లీకైతే పంపు ప్రెజర్‌ని అనుమానించండి. మిగతా వాల్వ్‌లన్నీ మూసుకున్నప్పుడు ప్రెజర్ పెరిగి, బలం చాలని యాక్చుయేటర్‌ని నెట్టి నీళ్లు దూరతాయి. అక్కడ కొత్త వాల్వ్ వేసినా అదే యాక్చుయేటర్ ఉంటే లీక్ పోదు.

ఏహెచ్‌యూ గాలిని ఒక్కో జోన్‌కి కావలసినంత వదిలే వీఏవీ బాక్సులకీ ఇదే పద్ధతి. రీహీట్ 0% ఉన్నప్పుడు బాక్స్ నుంచి వచ్చే గాలిని ఏహెచ్‌యూ సప్లైతో పోల్చండి. కానీ డక్ట్‌లో గాలి తక్కువగా కదిలితే దారిలోనే కొన్ని డిగ్రీలు ఎక్కుతుంది, అందుకే అక్కడా పంపు ఆన్, ఆఫ్ తేడానే చూడాలి.