టెక్ సందేహాలు: గాస్ సూత్రం ఒకటి చెబితే పైథాన్ ఇంకొకటి చెబుతోంది

*మీటరు పొడవు తీగ మీద ఒక నానోకూలుంబ్ ఆవేశం సమానంగా పరిచి, తీగ మధ్యకి ఎదురుగా విద్యుత్ క్షేత్రం ఎంతో పైథాన్‌లో లెక్క కట్టాను. సెంటీమీటరు దూరంలో గాస్ సూత్రంతో సరిపోయింది. మీటరు దూరంలో సగం కూడా రావట్లేదు. తప్పు నా కోడ్‌లో ఉందా?*
*– ఇంజినీరింగ్ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్*

మీ కోడ్ బాగానే ఉందమ్మా. నేనూ విడిగా రాసి నడిపి చూశాను:

```python
import numpy as np
k, q, L, n = 8.99e9, 1e-9, 1.0, 10000
z = (np.arange(n) + 0.5) * L / n - L / 2
for r in [0.01, 0.1, 1.0, 5.0]:
    E = np.sum(k * (q / n) * r / (r**2 + z**2)**1.5)
    print(r, E, 2 * k * (q / L) / r)
```

సెంటీమీటరు దగ్గర రెండూ మీటరుకు దాదాపు 1798 వోల్టులే. 10 సెంటీమీటర్ల దగ్గర కోడ్ 176.3 అంటే సూత్రం 179.8 అంటుంది. మీటరు దగ్గరికి వచ్చేసరికి కోడ్ 8.04, సూత్రం 17.98.

అలాగని గాస్ నియమమూ తప్పలేదు. తీగని ఏ డబ్బాలో మూసినా బయటికి వచ్చే మొత్తం ఫ్లక్స్ లోపలి ఆవేశాన్ని ε₀ తో భాగించినంతే. ఇది ఎప్పుడూ నిజం. తేడా వచ్చింది ఆ తర్వాతి మెట్టులో. క్లాసులో తీగ చుట్టూ ఒక స్తూపం గీసి, "రెండు మూతల గుండా ఫ్లక్స్ సున్నా, పక్క గోడ మీద క్షేత్రం అంతటా ఒకటే" అని చెప్పి E ని సమాకలనం బయటికి లాగేస్తారు. ఆ రెండు మాటలూ చెల్లేది అంతులేని తీగకే. తీగ ఎక్కడా ఆగకపోతే పైకి లాగే ముక్క ఎంతో కిందికి లాగేదీ అంతే కాబట్టి, క్షేత్రం నేరుగా పక్కకే చూస్తుంది.

మీ తీగకి చివరలున్నాయి. దాని పొడవుకి సరిగ్గా సరిపోయే స్తూపం తొడిగి, మూతల గుండా ఎంత పోతోందో చూడండి. స్తూపం వ్యాసార్ధం సెంటీమీటరైతే రెండు మూతల గుండా కలిపి పోయేది మొత్తం ఫ్లక్స్‌లో ఒక శాతం. అదే వ్యాసార్ధం మీటరైతే 58.6 శాతం! పక్క గోడకి మిగిలేది 41.4 శాతమే. మొత్తం మారలేదు, దారి మారింది. సూత్రం మాత్రం అదంతా గోడ గుండానే వచ్చిందని లెక్క వేసి రెట్టింపుకి పైగా చూపిస్తోంది.

మీ దిల్‌సుఖ్‌నగర్‌లోనే మెట్రో వంతెన కింద నిలబడి పైకి చూడండి. అటూ ఇటూ అంతు కనిపించదు. అదే వంతెన విమానంలోంచి చిన్న గీత. తీగ కూడా అంతే. 5 మీటర్ల దూరంలో కోడ్ ఇచ్చేది 0.358. అక్కడ `k*q/r**2` వేస్తే 0.360 వస్తుంది. అంటే అంత దూరం నుంచి మీ తీగ ఒక చుక్కలా ప్రవర్తిస్తోంది, స్తూపం సూత్రం కంటే గోళం సూత్రమే దానికి నప్పుతోంది.

గోళానికి ఈ బెడద లేదు. ఆవేశం సమానంగా పరుచుకున్న గోళానికి అంచే ఉండదు కాబట్టి, బయట ఏ దూరంలోనైనా `k*q/r**2` కచ్చితంగా వర్తిస్తుంది.

సమతలంతోనే అసలు జాగ్రత్త. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న పళ్ళెం మీద ఆవేశం సమానంగా ఉందనుకోండి. మధ్యలో సెంటీమీటరు ఎత్తునే అసలు క్షేత్రం, దూరంతో మారనే మారదని చెప్పే σ/2ε₀ కంటే 10 శాతం తగ్గిపోతుంది. తీగలో ఇదే నిష్పత్తి, అంటే సగం పొడవులో పదో వంతు దూరం తీసుకుంటే తగ్గేది అర శాతం. కారణం ఉంది. తీగలో దూరపు ముక్కల బలం త్వరగా పడిపోతుంది. పళ్ళెంలో దూరం వెళ్ళేకొద్దీ వలయాలు పెద్దవై వాటి మీది ఆవేశమూ పెరుగుతుంది కాబట్టి, అంచు అవతల లేని వలయాల లోటు గట్టిగా తెలుస్తుంది.

ఇంకొక్కటి. మీ కోడ్‌లో తీగని ఎన్ని ముక్కలు చేశారో రాయలేదు. 100 చేస్తే ఒక్కో ముక్క సెంటీమీటరు. అప్పుడు తీగకి మిల్లీమీటరు దూరంలో చూస్తే బిందువు రెండు ముక్కల నడుమ ఖాళీలో పడి, రావాల్సిన దాంట్లో పదో వంతు కూడా రాదు. అది నిజంగా కోడ్ తప్పే. `n` పెంచి మళ్ళీ నడపండి. విలువ మారితే ముక్కలు చాలలేదని, మారకపోతే తేడా తీగ చివరలదని తెలిసిపోతుంది.