ఫండ్స్ అన్నీ ఒకవైపే ఉన్నాయని బంగారం షార్ట్ చేయొచ్చా?

"నమస్తే అండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. చెరువు పట్టుబడి అయ్యాక ఖర్చులన్నీ పోను 6 లక్షలు చేతిలో ఉన్నాయి. టెలిగ్రామ్ గ్రూపులో ఒకాయన అమెరికా వాళ్ల సీఓటీ రిపోర్టు చూపించి, ఫండ్స్ అన్నీ బంగారం కొనేసి కూర్చున్నాయి, ఇక కొనేవాడు లేడు, ఎంసీఎక్స్‌లో గోల్డ్ మినీ రెండు లాట్లు షార్ట్ కొట్టండి అంటున్నాడు. 2024లో జపాన్ యెన్‌లో ఇలాగే జరిగిందట. నమ్మొచ్చా? ఇంట్లో బంగారం మీద లోను కూడా ఉందండి."

షార్ట్, అంటే ధర పడుతుందని ముందే అమ్మి పెట్టుకోవడం, వద్దండి. రిపోర్టు అబద్ధం కాదు, పైసా ఖర్చు లేకుండా cftc.gov లో ఎవరైనా చూసుకోవచ్చు. దాన్నుంచి ఆయన లాగిన అర్థమే తప్పు.

అమెరికాలో ఫ్యూచర్స్ మార్కెట్లను చూసే సీఎఫ్‌టీసీ అనే సంస్థ వారానికోసారి ఈ లెక్క ఇస్తుంది. బంగారంలో, క్రూడ్‌లో, యెన్‌లో, సోయా నూనెలో పెద్ద ఆటగాళ్లు ఎన్ని కాంట్రాక్టులు కొని ఉన్నారు, ఎన్ని అమ్మి ఉన్నారు అన్నది మూడు గుంపులుగా కనిపిస్తుంది. కమర్షియల్ అంటే వ్యాపార అవసరం కోసం హెడ్జ్ చేసుకునేవాళ్లు. నాన్ కమర్షియల్ అంటే ఎక్కువగా ఫండ్స్, ధర మీద అంచనాతో దిగేవాళ్లు. మూడోది విడిగా రిపోర్టు చేయాల్సినంత పెద్దవి కాని చిన్న పొజిషన్లు. ఫండ్స్ కొని ఉన్నవాటిలోంచి, అంటే లాంగ్‌లోంచి, అమ్మి ఉన్నవాటిని, అంటే షార్ట్‌ని, తీసేస్తే వచ్చే నికర సంఖ్య మీదే మీ టెలిగ్రామ్ ఆయన కథంతా నడుస్తోంది.

ఈ గ్రూపుల్లో ఇంకో మాట కూడా తిరుగుతుంటుంది, కమర్షియల్స్ తెలివైనవాళ్లు, వాళ్లు అమ్ముతుంటే మనమూ అమ్మాలి అని. మీకు తెలిసిన వ్యాపారంలోనే చూడండి. భీమవరం వైపు రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ మూడు నెలల తర్వాత రావాల్సిన డాలర్లను ఇవాళే బ్యాంకులో ఫార్వర్డ్ కాంట్రాక్టు కింద అమ్మేసుకుంటుంది. డాలరు పడిపోతుందని దానికేదో ముందే తెలిసి అమ్మలేదు, రైతుకి ఇచ్చిన రేటు మీద లాభం పోకూడదని అమ్మింది. డాలరు ఎంత పెరిగితే అంత ఎక్కువ అమ్ముతుంది కూడా. కమర్షియల్స్ అమ్మకం చాలావరకు ఇలాంటిదే. పైగా ఫ్యూచర్స్‌లో ఒకడు కొంటే ఇంకొకడు అమ్మాల్సిందే కాబట్టి, ఫండ్స్ బాగా కొన్నారంటే ఎదుటి గుంపు అమ్మినట్టు కనిపించక తప్పదు. అందులో జోస్యం ఏమీ లేదండి.

సరే, యెన్ సంగతి. ఆయన చెప్పింది సగం నిజం. 2024 జూలై 2 నాటి లెక్కలో నాన్ కమర్షియల్స్ యెన్‌లో నికరంగా సుమారు 1.84 లక్షల కాంట్రాక్టులు షార్ట్. ఒక్కో కాంట్రాక్టు 1.25 కోట్ల యెన్‌లు, అంటే మొత్తం 2.3 లక్షల కోట్ల యెన్‌ల పైమాటే, 2007 తర్వాత అంత రద్దీ చూడలేదు. అప్పుడు డాలరుకి 161 యెన్‌లు. జూలై రెండో వారంలో జపాన్ ప్రభుత్వం జోక్యం చేసుకుని యెన్ కొంది, 31న బ్యాంక్ ఆఫ్ జపాన్ వడ్డీని 0.25 శాతానికి పెంచింది, వెంటనే అమెరికా ఉద్యోగాల లెక్క బలహీనంగా వచ్చింది. షార్ట్ ఉన్నవాళ్లంతా ఒకేసారి యెన్ తిరిగి కొనుక్కోడానికి ఎగబడ్డారు. ఆగస్టు 5న డాలరు 142 యెన్‌ల దాకా దిగింది, అదే రోజు జపాన్ నిక్కీ సూచీ 12.4 శాతం కూలింది. ఆగస్టు మధ్య రిపోర్టు వచ్చేసరికి ఆ షార్టంతా కరిగిపోయి ఫండ్స్ కాస్త లాంగ్‌లోకి కూడా వచ్చేశాయి.

ఆయన చెప్పని సగం ఏప్రిల్‌లో ఉంది. ఏప్రిల్ నాలుగో వారం రిపోర్టులోనే నికర షార్ట్ సుమారు 1.79 లక్షలు, అంటే జూలైకి దాదాపు సమానమైన రద్దీ. అప్పుడు డాలరు 155 దగ్గర ఉంది. రద్దీ చూసి అక్కడ యెన్ కొన్నవాడు వారం లోపే 160 చూశాడు, అంటే నష్టం, జోక్యంతో మే మొదట్లో 152 చూశాడు, ఊపిరి పీల్చుకునేలోపు జూలై మొదటికి 161 చూశాడు. ఆగస్టులో వాడి మాటే నెగ్గింది, కానీ కొద్దిపాటి డిపాజిట్, అంటే మార్జిన్, కట్టి పెద్ద పొజిషన్ పట్టుకున్నవాడు ఆగస్టు దాకా మిగిలాడా అన్నదే అసలు ప్రశ్న. సఖినేటిపల్లి రేవులో పంటు మీద జనమంతా ఒక పక్కకే చేరినా పంటు మామూలుగానే గోదావరి దాటేయొచ్చు, మధ్యలో పెద్ద కుదుపు వస్తేనే గోల. సీఓటీ చెప్పేది జనం ఎటు చేరారన్నది. కుదుపు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో అందులో ఉండదు.

ఇక మీ బంగారం. 2024 సెప్టెంబరు 24 నాటి లెక్కలో ఫండ్స్ నికరంగా సుమారు 3.15 లక్షల కాంట్రాక్టులు లాంగ్, 2020 మొదటి నెలల తర్వాత అదే ఎక్కువ. ఇప్పుడు మీకు చెప్పిన మాటే అప్పుడూ అన్నారు, కొనాల్సినవాళ్లంతా కొనేశారని. అంతర్జాతీయ ధర ఔన్సు 2,650 డాలర్ల దగ్గర ఉంది, మన దగ్గర 10 గ్రాములు సుమారు 75,000. నవంబరులో కాస్త తగ్గింది, షార్ట్ కొట్టినవాళ్లు సంబరపడ్డారు. 2025 అక్టోబరు రెండో వారానికి ఔన్సు 4,000 డాలర్లు దాటింది, ఇక్కడ 1,20,000 దాటింది. గోల్డ్ మినీ లాట్ 100 గ్రాములు కాబట్టి 10 గ్రాములకి 45,000 పెరిగితే లాట్‌కి 4.5 లక్షల నష్టం, రెండు లాట్లకి 9 లక్షలు. మీ చేతిలో ఉన్నది 6. నిజానికి అంతదాకా కూడా వెళ్లదు, నష్టం రోజుకారోజు ఖాతాలోంచి తీసేస్తారు, మార్జిన్ తగ్గగానే బ్రోకర్ ఫోను చేస్తాడు, కట్టకపోతే మిమ్మల్ని అడగకుండానే పొజిషన్ కోసేస్తాడు.

మరి అంత రద్దీలో ధర ఎలా పెరిగింది? బంగారం కొనేవాళ్లందరూ ఈ రిపోర్టులో ఉండరు కాబట్టి. సెంట్రల్ బ్యాంకులు 2022, 2023, 2024 మూడేళ్లూ ఏడాదికి 1,000 టన్నులకి పైగా కొన్నాయి, అదంతా అసలు బంగారం, న్యూయార్క్ ఫ్యూచర్స్ లెక్కలోకి రాదు. ఆ 3.15 లక్షల కాంట్రాక్టులు, ఒక్కోటి 100 ఔన్సుల లెక్కన, మొత్తం 980 టన్నులు. అంటే రిపోర్టులో అంత భయపెట్టే గుంపు కన్నా కొంచెం పెద్ద కొనుగోలుదారుడు రిపోర్టు బయట ఆ మూడేళ్లూ ఏటా కొన్నాడు. అంతకన్నా విచిత్రం ఇంకోటి ఉంది. 2025 సెప్టెంబరు చివరికి ధర 40 శాతం పైన పెరిగింది, ఫండ్స్ నికర లాంగ్ మాత్రం 2024 సెప్టెంబరు కన్నా తక్కువే. ధర పెరిగేకొద్దీ రద్దీ తగ్గిందన్నమాట, ఆయన లెక్కకి పూర్తిగా ఎదురు.

మీకు ఇంకో చిక్కు రూపాయితో. న్యూయార్క్‌లో బంగారం కదలకపోయినా డాలరు పెరిగితే ఎంసీఎక్స్‌లో బంగారం పెరుగుతుంది. ఆ ఏడాదిలోనే డాలరు 84 రూపాయల లోపు నుంచి 88 పైకి వెళ్లింది. ఇక్కడ బంగారం షార్ట్ కొడితే రూపాయి బలపడుతుందని కూడా మీరు తెలియకుండానే అన్నట్టు, దాని గురించి ఆ రిపోర్టులో ఏమీ దొరకదు.

రిపోర్టు చూస్తాను, నేర్చుకుంటాను అంటే అభ్యంతరం లేదు, ఉచితమే కదా. అయితే మంగళవారం నాటి లెక్క అమెరికాలో శుక్రవారం మధ్యాహ్నం వస్తుంది, మనకి శుక్రవారం అర్ధరాత్రి దాటాక ఒంటి గంటకో రెండింటికో. మీరు సోమవారం దాని మీద ఆర్డరు పెట్టేసరికి ఆరు రోజుల పాత సంగతి. అదీ వస్తేనే. 2025 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం షట్‌డౌన్ అయినప్పుడు వారాల తరబడి రిపోర్టే లేదు, సరిగ్గా ఆ సమయంలోనే అక్టోబరు 21న బంగారం ఒక్కరోజులో 5 శాతానికి పైగా పడింది. అందరికీ దారి చూపించే దీపం అని అమ్ముతున్న వస్తువు అవసరమైన రోజున వెలగలేదు.

చూసేటప్పుడు ఒట్టి నికర సంఖ్యతో ఆగకండి. నికర లాంగ్ పెరగడానికి రెండు దార్లు ఉన్నాయి. ఫండ్స్ కొత్తగా కొనుండొచ్చు, లేదా పాత షార్టులు మూసుకుని ఉండొచ్చు. మొదటిదైతేనే రేపు భయపడి అమ్మేసే జనం లోపల పోగైనట్టు. రెండోదైతే షార్టులు ఖాళీ అయ్యాయి, అంతే. అందుకని లాంగ్, షార్ట్ వరసలు విడివిడిగా చూసి, ఒక్కోదాన్ని మొత్తం ఓపెన్ ఇంట్రెస్ట్‌తో, అంటే ఇంకా మూసుకోని మొత్తం కాంట్రాక్టుల సంఖ్యతో, భాగించి, కనీసం మూడేళ్ల పాత రిపోర్టులతో పోల్చుకోవాలి. మార్కెట్ మొత్తం పెద్దదైనప్పుడు 2 లక్షలన్నది పాత 2 లక్షలంత బరువు కాదు. టెలిగ్రామ్‌లో ఆయన పెట్టిన బొమ్మలో ఇవేమైనా ఉన్నాయేమో ఒకసారి చూడండి. సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, సెబీ సైట్‌లో సరిచూడండి కూడా.

మీకు ఈ రద్దీ నిజంగా పనికొచ్చే చోటు మీ గోల్డ్ లోను. ఫండ్స్ లాంగ్ బాగా బరువెక్కిన నెలల్లో బంగారం పడితే నెమ్మదిగా కాకుండా ఒక్కసారిగా పడే అవకాశం ఎక్కువ, పడుతుందని కాదు, పడితే. ధర పెరిగింది కదా, అదే నగ మీద టాప్ అప్ తీసుకోండి అని బ్యాంకు వాళ్లు అడిగేదీ సరిగ్గా అప్పుడే. పూర్తి పరిమితి దాకా తీసుకుంటే 10 శాతం పతనానికే తేడా కట్టమని నోటీసు రావచ్చు, అదీ చెరువులో రొయ్య 60 కౌంట్, అంటే కిలోకి 60 తూగే సైజు, కూడా రాకముందు వచ్చిందంటే పట్టుబడి ముందే చేసి రేటు పోగొట్టుకోవాలి. కాబట్టి టాప్ అప్ వద్దు. 6 లక్షల్లోంచి ముందు వచ్చే పంట సీడుకి, మొదటి నెల మేతకి, కరెంటు బిల్లుకి పక్కన పెట్టండి, దాన్ని స్వీప్ డిపాజిట్‌లో ఉంచితే ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. మిగిలిన దాంతో గోల్డ్ లోను అసలు కొంత కట్టి, వీలైతే ఒకటి రెండు నగలు విడిపించుకోండి. లోను వడ్డీ ఎంత, ఎప్పుడు తీసుకున్నారు, చివర్లో ఒకేసారి కట్టే బుల్లెట్ పద్ధతా నెలనెలా కట్టేదా అన్నవి రాయలేదు మీరు. అవి రాస్తే ఎంత కట్టాలో అంకెలతో చెబుతాను.